ఖాతా యాప్ లాగ్: ఒక్క బటన్‌కి ఐదో పేరు

నాలుగో పేరు కూడా పోయింది. కోడ్ మొదటి రోజు నుంచి బానే ఉంది, ఆ బటన్ ఎందుకో ఎవరికీ అర్థం కావట్లా.

ఫీచర్ ఇదీ. కొట్లో ఒకాయన మీద 320, 450, 180 మూడు బాకీ చీటీలున్నాయి, 500 ఇచ్చాడు. ముందు 320 తీరిపోద్ది, మిగతా 180 రెండో చీటీకి పోయి అక్కడ 270 ఉండుద్ది. అంతే.

మొదట "స్మార్ట్ సెటిల్" అని పెడితే ఎవరూ ముట్టుకోలా. తర్వాత "సర్దుబాటు". పట్నంబజారులో మా బాబాయ్ చూసి "ఏరా, ఇది నొక్కితే బాకీ తగ్గించేసుద్దా?" అన్నాడు. కొట్లో సర్దుకోవడమంటే పదో ఇరవయ్యో వదులుకోవడమే కదా, నాకు తట్టలా.

మూడోది "పాత బాకీలకి జమ చెయ్యి". ఇదే నా రెండు వారాలు తినేసింది. ఫిగ్మాలో చక్కగా ఉంది (ఫిగ్మాలో అన్నీ చక్కగానే ఉంటాయి లెండి). 360 డీపీ ఫోన్లో వరసకి మూడు బటన్లు, మార్జిన్లు పోగా ఒక్కోదానికి 104, లోపల ప్యాడింగ్ తీసేస్తే అక్షరాలకి 80 మిగిలింది, పైగా బాబాయ్ ఫోన్లో ఫాంట్ సైజు పెద్దది, తెర మీద "పాత బాకీ…" అని తెగింది. నొక్కినోళ్ళు పాత బాకీల లిస్టు వచ్చుద్దనుకుని నొక్కి, డబ్బులెంత అని అడిగే బాక్స్ చూసి వెనక్కి పోయారు. 31 సార్లు తెరిచారు, సేవ్ చేసింది 4 సార్లు. నేనేమో బాక్స్‌లో బగ్గుందని వెతుకుతా కూర్చున్నా. ఇంగ్లీషులో క్రియ ముందుండుద్ది, చివర తెగినా పనేంటో తెలుసుద్ది. మనకి క్రియ చివర, చుక్కలు మింగేది దాన్నే.

రెండు లైన్లు చేశా, "చెయ్యి"లో య ఒత్తు అడుగున తెగింది. ఎప్పుడో అందం కోసం includeFontPadding కి false పెట్టింది నేనే.

```xml
android:maxLines="2"
android:includeFontPadding="true"
```

బటన్ మీద రామభద్ర ఫాంట్ కూడా తీసేశా, అది హెడ్డింగులకే బాగుండుద్ది.

నాలుగోది "పాతవి కొట్టెయ్", బాబాయ్ గుమాస్తాతో రోజూ అనే మాటే. పక్క కొట్టాయన వేలు గాల్లో ఆపి "చీటీలు డిలీట్ అవుతాయాండీ?" అన్నాడు. నోటితో అన్నప్పుడు చేతిలో పుస్తకం ఉండుద్ది, తెర మీద అది లేదు.

ఇప్పుడు బటనే తీసేశా. జమ స్క్రీన్లో అంకె కింద "పాతవి ముందు" అని ఒక టిక్కు. 500 కొట్టగానే దాని కింద "320 తీరింది, 450లో 270 ఉంది" అని కనపడుద్ది, పేరు ఒక్కటే అంతా చెప్పాల్సిన పన్లేదు. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, అందుకే "ఇది పెడితే ఏమవుద్ది?" అని నలుగుర్ని అడిగా, ముగ్గురు కరెక్టుగా చెప్పారు.

వచ్చే ఆదివారం ఆ టిక్కు పక్కన ఎర్ర చుక్క పెడతా, మూడుసార్లు చూశాక అదే పోయేటట్టు. ఆ నాలుగో అతను, కుర్ర గుమాస్తా, అసలు "జమ" అంటేనే ఏంటన్నాడు, వచ్చిన డబ్బులంటాట్ట. ఇంక ఆ "జమ" బటన్ సంగతి కూడా చూడాలి.