గిలక్కాయ డబ్బా మీది ఐఎస్‌ఐ ముద్రను మేం ఎలా సరిచూశాం

మా వదినా నేనూ హనుమకొండ నుంచి ఆన్‌లైన్‌లో బాలింతలకు, పసిపిల్లలకు కావలసిన వస్తువులు అమ్ముతుంటాం. తొట్టెల పండుగకు ఇచ్చుకునేలా ఒక సెట్ తయారు చేద్దామని ఈసారి అనుకున్నాం: గిలక్కాయ, కాటుక, పాలసీసా, మెత్తటి దుప్పటి. అమ్మకానికి పెట్టకముందే ఒక్కో వస్తువునూ చట్టం ప్రకారం చూసుకుంటూ వెళ్లాం.

ఎక్కువ సమయం పట్టింది గిలక్కాయ దగ్గరే. 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ ముద్ర తప్పనిసరి. తయారుచేసినవాళ్లకే కాదు, అమ్మేవాళ్లకూ ఆ బాధ్యత ఉంటుంది. వరంగల్ హోల్‌సేల్ దుకాణంలో రెండు రకాలు చూపించారు. ఒకటి మామూలు ప్లాస్టిక్ గిలక్కాయ, రెండోది బ్యాటరీతో లైట్లు వెలిగి పాట పాడేది. రెండోదే బాగా అమ్ముడుపోతుందట. "డబ్బా మీద ఐఎస్‌ఐ ఉంది గదా అక్కా, ఇంకేం గావాలె?" అన్నాడు దుకాణం అబ్బాయి.

ముద్ర ఉంటే సరిపోదు, దానికి పైన ఉన్న అంకె, కింద ఉన్న అంకె కూడా చదవాలి. పైన ఉండేది ప్రమాణం నంబరు. కరెంటు, బ్యాటరీ లేని బొమ్మలకు ఐఎస్ 9873, వాటితో నడిచేవాటికి ఐఎస్ 15644. కింద CM/L అనే అక్షరాలతో మొదలయ్యేది తయారీదారు లైసెన్స్ నంబరు. మా చేతిలోని బ్యాటరీ గిలక్కాయ డబ్బా మీద ఐఎస్ 9873 అని ఉంది. అక్కడే అనుమానం వచ్చింది. ఐఎస్‌ఐ ముద్రకు లైసెన్స్ ఇచ్చే సంస్థ బీఐఎస్. ఫోన్‌లో దాని బీఐఎస్ కేర్ యాప్ తెరిచి, లైసెన్స్ వివరాలు చూసే చోట ఆ నంబరు కొట్టాం. లైసెన్స్ నిజమైనదే, గడువూ ఉంది. కానీ అది గుడ్డతో కుట్టిన బొమ్మలు చేసే ఒక ఫ్యాక్టరీది. ఆ పేరుకూ, డబ్బా మీదున్న కంపెనీ పేరుకూ సంబంధమే లేదు. నంబరు సరైనదా కాదా అని మాత్రమే చూసుకునేవాళ్లకు ఇది దొరకదు. పేరు, చిరునామా, ఏ వస్తువుకు లైసెన్స్ ఇచ్చారన్నదీ డబ్బాతో పోల్చుకోవాలి.

బొమ్మను తిప్పి చూస్తే బ్యాటరీ మూతకు స్క్రూ లేదు. వదిన బొటనవేలి గోరుతో నెట్టగానే ఊడి వచ్చింది, లోపల మూడు గుండ్రటి బటన్ సెల్స్. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో బ్యాటరీ, పనిముట్టు లేకుండా చేతికి రాకూడదు. బటన్ సెల్ మింగితే అది అన్నవాహికలో ఇరుక్కుని, రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. డబ్బా మూలన సన్న అక్షరాల్లో "3 ఏళ్లు దాటినవారికి" అని కూడా రాసి ఉంది. గిలక్కాయ ఆడేది ఏ వయసు పిల్లలో అందరికీ తెలుసు. అలాంటి మాట రాసినంత మాత్రాన అది పెద్దపిల్లల బొమ్మ అయిపోదు, ప్రమాణం దాన్ని ఒప్పుకోదు. ఆ సరుకు అక్కడే వదిలేశాం.

మామూలు గిలక్కాయ విషయంలో అన్నీ సరిపోయాయి. అప్పుడు ఆ అబ్బాయి, "నిర్మల్ బొమ్మలకైతే ఏ ముద్రా అక్కర్లే" అన్నాడు. సగమే నిజం. ఆ మినహాయింపు, హస్తకళల శాఖలో నమోదై తామే చేసి తామే అమ్ముకునే కళాకారులకు, అలాగే భౌగోళిక గుర్తింపు ఉన్న వస్తువులను చేసి అమ్మేందుకు, ఆ గుర్తింపును వాడుకునే హక్కుతో నమోదైనవాళ్లకు. మాలా కొని అమ్మేవాళ్లు దాన్ని తమదిగా చెప్పుకోవడం కష్టం.

కాటుక దగ్గర వదినకు కాస్త బాధ కలిగింది. వాళ్ల అమ్మ ఆముదం దీపం మసితో చేసే కాటుకనే పెడదామని ఆమె ఆశ. కానీ అమ్మకానికి కాస్మెటిక్ తయారు చేయాలంటే, ఇంట్లోనైనా సరే, 2020 కాస్మెటిక్స్ నియమాల కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి తయారీ లైసెన్స్ తీసుకోవాలి. పోనీ బయట కొందామంటే, దుకాణంలోని డబ్బీ మీద లైసెన్స్ నంబరూ లేదు, బ్యాచ్ నంబరూ లేదు. పైగా "చూపు మెరుగవుతుంది" అని రాసి ఉంది. చూపు బాగవుతుందంటే అది అలంకరణ వస్తువు కాదు, మందు అని చెప్పుకున్నట్టే. పసికందుల కళ్లకు కాటుక వద్దని డాక్టర్లు ఎలాగూ చెబుతున్నారు. సెట్‌లోంచి తీసేశాం.

పాలసీసా కూడా తీసేశాం. శిశు పాల ప్రత్యామ్నాయాలు, పాలసీసాల మీద 1992లో వచ్చిన చట్టం ప్రకారం వాటికి ప్రకటన ఇవ్వకూడదు, డిస్కౌంట్‌తోనో కానుకతోనో అమ్మకం పెంచకూడదు. గిఫ్ట్ సెట్ అంటే అదే కదా.

చివరికి గిలక్కాయ, దుప్పటి మిగిలాయి, వాటికి ఒక నూలు జుబ్బా కలిపాం. పేజీలో తయారీదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, ఎన్ని ఉన్నాయి, ఎంఆర్‌పీ రాశాం. ఐఎస్‌ఐ ముద్ర కనిపించేలా డబ్బా వెనకవైపు ఫోటో కూడా పెట్టాం. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా లైసెన్స్ నంబరు మళ్లీ యాప్‌లో చూస్తున్నాం, ఎందుకంటే నిన్నటి లైసెన్స్ ఇవాళ రద్దయి ఉండవచ్చు.