పాస్‌వర్డ్ చెప్పే పని లేకుండా చుట్టాలకి వైఫై ఇచ్చిన వైనం

మా ఇంటి వైఫై పాస్‌వర్డ్‌ని ఒకరు నోటితో చెప్పి, ఇంకొకరు ఫోన్‌లో కొట్టడం అయ్యే పని కాదు. అసలుది ఇక్కడ రాయను గానీ తరహా మాత్రం ఇది: `Godavari;Kobbari94`. సంక్రాంతికి చుట్టాలు దిగగానే మొదలవుతుంది. "జీ పెద్దదా చిన్నదా?" "కొబ్బరికి బీలు రెండా?" మా బాబాయికైతే మధ్యలో ఉన్న సెమికోలన్ దొరకదు. `?123` నొక్కి చూపించినా పక్కనున్న కోలన్ కొట్టేసి, "మీ నెట్ పోయిందిరా" అంటాడు.

"తేలికైనది పెట్టుకోవచ్చుగా" అని మా ఆవిడ ఎప్పటినుంచో అంటోంది. మారిస్తే టీవీకి, గేటు దగ్గర కెమెరాకి, ప్రింటర్‌కి, ఇంట్లో ఫోన్లన్నిటికీ మళ్ళీ మొదటినుంచి కొట్టాలి. అందుకని దాన్ని ముట్టుకోకుండా క్యూఆర్ కోడ్‌తో పని కానిద్దామనుకున్నాను.

మొదటి దారి చాలా సులువు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్‌లోనే ఈ సౌకర్యం ఉంది. సెట్టింగ్స్‌లో మనం కనెక్ట్ అయి ఉన్న వైఫై పేరు మీద నొక్కితే `Share` అని ఉంటుంది. కొన్ని కంపెనీల ఫోన్లలో దాని బదులు `QR code` అని ఉంటుంది. వేలిముద్రో పిన్నో అడుగుతుంది, ఇవ్వగానే కోడ్ వస్తుంది. చుట్టం తన కెమెరాని దాని మీదకి పట్టి, పైకొచ్చిన నెట్‌వర్క్ పేరు మీద నొక్కితే చాలు. ఐఫోన్ ఉన్నవాళ్ళకీ మామూలు కెమెరాయే సరిపోతుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరా యాప్ పట్టించుకోదు. అప్పుడు వైఫై లిస్టు చివర `Add network` పక్కన చిన్న క్యూఆర్ గుర్తు ఉంటుంది, అక్కడినుంచి స్కాన్ చేయాలి. మా ఆవిడ ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 18తో వచ్చిన `Passwords` యాప్‌లో `Wi-Fi` కింద ఈ కోడ్ దొరుకుతుంది.

నా ఫోన్‌లో ఆ కోడ్ కిందే పాస్‌వర్డ్ కూడా అక్షరాల్లో కనిపిస్తుంది. దాన్ని చూసి కొట్టుకోమని చెప్పడానికి పనికొస్తుంది గానీ, వెనకనుంచి తొంగిచూసే వాళ్ళకీ కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

దీంతో వచ్చిన చిక్కల్లా ఒకటే. నెట్ కావాలన్న ప్రతివాళ్ళకీ నా ఫోనో మా ఆవిడ ఫోనో కావాలి. నేను బజారుకి వెళ్తే అందరూ మా ఆవిడ వెంట పడతారు. ఒక కార్డు మీద ప్రింట్ చేసి హాల్లో పెడితే తీరిపోతుందని మా అక్క కొడుకు అన్నాడు. "నాకొదిలెయ్ మావయ్యా" అని ఆన్‌లైన్‌లో ఏదో సైటులో కోడ్ తయారుచేసి, ఫోటో స్టూడియోలో చక్కగా ప్రింట్ తీయించుకొచ్చాడు.

ఆ కార్డు కొందరికి పనిచేసింది, కొందరికి చేయలేదు. పనిచేసినవాళ్ళకి కూడా వైఫై కలవలేదు, బ్రౌజర్లో ఒక పేజీ తెరుచుకుని అందులో మా పాస్‌వర్డ్ కనిపించింది. వెనక గదిలో సిగ్నల్ అందని వాళ్ళకి పేజీ కూడా రాలేదు. స్కాన్ చేసినప్పుడు పైన వచ్చే అక్షరాలు చూస్తే సంగతి తెలిసిపోయింది. అది `https` తో మొదలైంది. అంటే కోడ్‌లో ఉన్నది మా వైఫై వివరాలు కాదు, ఆ సైటులోని ఒక లింకు. ఇలాంటివాటిని డైనమిక్ క్యూఆర్ అంటారు. హోటల్ మెనూకి బాగానే ఉంటుంది, ధరలు మారినా కార్డు మార్చక్కర్లేదు. వైఫైకి మాత్రం అసలు పనికిరాదు. నెట్ లేక స్కాన్ చేసేవాడికి, ముందు నెట్ ఉంటేనే తెరుచుకునే లింకు ఇస్తే ఏం లాభం? పైగా మన పాస్‌వర్డ్ ఎవరిదో సర్వర్లో కూర్చుంటుంది.

సరైన వైఫై కోడ్‌లో లింకు ఉండదు. అందులో ఉండేది ఒక్క వరుస అక్షరాలు, అంతే:

```
WIFI:T:WPA;S:Sarada_Nilayam;P:paasvardu;;
```

`T` అంటే భద్రత రకం. ఇప్పటి ఇళ్ళల్లో ఎక్కువగా వాడే డబ్ల్యూపీఏ2కి కూడా `WPA` అనే రాయాలి. `S` నెట్‌వర్క్ పేరు, `P` పాస్‌వర్డ్. పేరులో పెద్దక్షరం చిన్నక్షరం తేడా వచ్చినా కలవదు. ఫోన్ ఈ వరుస చదివి తనే కనెక్ట్ అవుతుంది, దీనికి ఏ సైటూ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు.

ఈ రూపం తెలిశాక ఆ అబ్బాయి ఈసారి సైటు జోలికి పోకుండా, అక్షరాలిస్తే కోడ్ చేసిపెట్టే యాప్‌లో వరుసంతా తనే కొట్టాడు. ఈ కోడ్ స్కాన్ చేస్తే మా నెట్‌వర్క్ పేరు సరిగ్గానే వచ్చింది. నొక్కితే కాసేపు తిరిగి, పాస్‌వర్డ్ తప్పంది. అక్షరం అక్షరం సరిచూశాం, అన్నీ ఒప్పే.

ఇంతలో నాకు ఒక అనుమానం వచ్చింది. నా ఫోన్ చూపించే కోడ్ అందరికీ పనిచేస్తోంది కదా, మరి దాంట్లో ఏముందో చూద్దామని స్క్రీన్‌షాట్ తీసి ల్యాప్‌టాప్‌లో `zbarimg` తో చదివించాను. అది కోడ్‌లో ఉన్న అక్షరాలని ఉన్నవి ఉన్నట్టు చూపించే చిన్న ప్రోగ్రాం. అందులో పాస్‌వర్డ్ ఇలా ఉంది:

```
P:Godavari\;Kobbari94;
```

సెమికోలన్ ముందు ఒక వెనకగీత. కారణం పైనున్న వరుసలోనే ఉంది. అక్కడ ఒక వివరం అయిపోయిందని చెప్పేది సెమికోలనే. మా పాస్‌వర్డ్ మధ్యలో సెమికోలన్ కనబడగానే ఫోన్ పాస్‌వర్డ్ అక్కడికి అయిపోయిందనుకుని `Godavari` ఒక్కటే తీసుకుంది. అది సరిగ్గా 8 అక్షరాలు. డబ్ల్యూపీఏ పాస్‌వర్డ్‌కి ఉండాల్సిన కనీసం కూడా 8 కాబట్టి ఫోన్‌కి ఏ అనుమానమూ రాలేదు, దాన్నే రౌటర్‌కి పంపింది, రౌటర్ కాదంది. ముందు వెనకగీత ఉంటే ఆ సెమికోలన్ పాస్‌వర్డ్‌లో భాగమని ఫోన్‌కి తెలుస్తుంది. కోలన్, కామా, డబుల్ కోట్, చివరికి వెనకగీత ఉన్నా సరే, వాటి ముందు కూడా ఇలాగే పెట్టాలి. నెట్‌వర్క్ పేరుకీ ఇదే పద్ధతి. ఫోన్ తనంతట తాను చేసుకుంటుంది, చేత్తో రాసేవాళ్ళే చూసుకోవాలి.

అంటే పేరు సరిగ్గా వచ్చి పాస్‌వర్డ్ దగ్గర ఆగిపోతే, ముందు ఈ గుర్తుల సంగతి చూడండి. పాస్‌వర్డ్ మార్చిన తర్వాత పాత కార్డు స్కాన్ చేసినా సరిగ్గా ఇదే కనిపిస్తుంది.

కోడ్ సరిగ్గా తయారైంది గానీ, హాల్లో గోడకి పెట్టబోతూ ఆగాను. క్యూఆర్‌లో రహస్యమేమీ ఉండదు. నేను `zbarimg` తో చదివినట్టే ఎవరైనా చదువుకోవచ్చు. వచ్చిన మనిషి ఒక ఫోటో తీసుకుంటే పాస్‌వర్డ్ వాళ్ళ గ్యాలరీలో ఉన్నట్టే. గోడ ముందు నిలబడి ఫ్యామిలీ ఫోటో దిగి గ్రూపులో పెట్టినా అంతే. ఇంటి తాళంచెవి నకలు గుమ్మానికి వేలాడదీసినట్టు. గేటు కెమెరా, ప్రింటర్ కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఉన్నాయి.

అందుకని రౌటర్ పేజీలోకి వెళ్ళి (మా దాంట్లో బ్రౌజర్లో `192.168.1.1` కొడితే వస్తుంది) `Guest Network` ఆన్ చేశాను. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. అతిథులు ఇంట్లోని మిగతా పరికరాలని చూడగలగాలా అని అడిగే చోట టిక్ తీసేశాను. పాస్‌వర్డ్ మాత్రం చిన్నక్షరాలు, అంకెలతోనే కాస్త పొడవుగా పెట్టాను. కార్డు పెట్టినా కొట్టుకోవాల్సినవాళ్ళు కొందరు ఉంటారు, పైగా వెనకగీతల గొడవ కూడా ఉండదు. తర్వాత ఇలా కోడ్ చేశాను:

```
qrencode -l M -s 12 -o atithi.png 'WIFI:T:WPA;S:Sarada_Atithi;P:kobbarithota2468;;'
```

`-l M` అంటే కోడ్ సుమారు 15 శాతం పాడైనా చదవగలిగేంత అదనపు సమాచారం చేర్చమని. `-s` ఒక్కో గడి ఎన్ని పిక్సెళ్ళో చెబుతుంది. ఆ వరుసని ఒంటి కోట్లలో పెట్టకపోతే టెర్మినల్ సెమికోలన్ దగ్గర ఆదేశాన్ని తెంపేస్తుంది. సెమికోలన్ ఇక్కడా వదల్లేదు.

ప్రింటింగ్ దగ్గర ఇంకో చిన్న గొడవ. స్టూడియో అబ్బాయి ముచ్చటపడి మెరూన్ రంగు మీద బంగారు రంగు కోడ్ వేసి, అంచులకి పువ్వులు పెట్టి డిజైన్ చూపించాడు. కోడ్ ముదురుగా, వెనక లేతగా ఉండాలి. తిరగేస్తే కొన్ని ఫోన్లు చదువుతాయి, కొన్ని చదవవు. చుట్టూ నాలుగు గడుల వెడల్పున తెల్లగా ఖాళీ కూడా వదలాలి, లేకపోతే కోడ్ ఎక్కడ మొదలైందో కెమెరాకి తేలదు. "పువ్వులు కార్డు అంచుకి జరుపు బాబూ" అని చెప్పి, తెల్ల కాగితం మీద నలుపుతో, 6 సెంటీమీటర్ల కోడ్ వేయించాను. లామినేషన్ వద్దన్నాను, ట్యూబ్‌లైట్ కింద మెరిసి కెమెరాకి అడ్డొస్తుంది.

కార్డు పెట్టాక కూడా బాబాయి ఫోన్ మాత్రం కలవలేదు. ఈసారి పాస్‌వర్డ్ తప్పనలేదు, నెట్‌వర్క్ దగ్గర్లో లేదంది. రౌటర్ పక్కనే కూర్చుని ఉన్నాడు! చూస్తే గెస్ట్ నెట్‌వర్క్ 5 గిగాహెర్ట్జ్ మీదే ఆన్ అయి ఉంది. బాబాయిది పాత ఫోన్, దానికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. రెండో దాని మీద కూడా అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో ఆన్ చేశాను. ఆయన ఫోన్ కెమెరాకి క్యూఆర్ చదవడం రాదు గనక గూగుల్ లెన్స్‌తోనే మళ్ళీ స్కాన్ చేయించాను. ఆయన యూట్యూబ్‌లో కోడిపందేలు చూసుకోవడం మొదలుపెట్టాక నా పని అయింది.

ఆఫీస్ ల్యాప్‌టాప్‌తో వచ్చిన మా బావకి మాత్రం కార్డు అక్కరకు రాలేదు, కొట్టుకోవాల్సి వచ్చింది. అందుకే కోడ్ కింద నెట్‌వర్క్ పేరూ పాస్‌వర్డూ పెద్ద సైజులో వేయించాను. కోడ్‌లో ఎలాగూ ఉన్నదే కదా, దాచేదేముంది? పండగయ్యాక గెస్ట్ పాస్‌వర్డ్ మార్చేశాను. కొత్త కోడ్ తయారుచేసి పెట్టాను, ఉగాదికి ప్రింట్ తీయిస్తాను.