ఇరవై అక్షరాలుంటే మత్తేభమేనా? ఒక పద్యాన్ని గురులఘువులతో సరిచూసిన సంగతి

నాకు నచ్చిన పద్యాలన్నీ ఒక ఫైల్లో టైపు చేసి పెట్టుకుంటున్నాను, ప్రతి పద్యం పక్కన ఛందస్సు పేరు కూడా రాస్తాను. ఈ వారం వాటిని ఒక్కొక్కటిగా సరిచూడడం మొదలుపెడితే, పోతన గజేంద్ర మోక్షంలోని "ఎవ్వనిచే జనించు" పద్యం పక్కన "మత్తేభం" అని కనిపించింది. అప్పట్లో పాదానికి 20 అక్షరాలు లెక్కపెట్టి అలా రాసేశాను. కానీ ఉత్పలమాలకీ 20 అక్షరాలే, కాబట్టి లెక్క ఒక్కటే చూస్తే ఈ రెండూ విడిపోవు.

పాదాన్ని మూడేసి అక్షరాలుగా విడగొట్టి, గురువుకి U, లఘువుకి I పెట్టాను.

```
ఎ వ్వ ని | చే జ నిం | చు జ గ | మె వ్వ ని
U I  I  | U I U   | I I I  | U  I  I

లో ప ల | నుం డు లీ | న మై
U  I I | U  I  U  | I U
```

ఇక్కడ చూసుకోవాల్సింది మొదటి రెండు అక్షరాలే. బరువు "వ్వ" మీద పడదు, దాని ముందున్న "ఎ" మీద పడుతుంది, "వ్వ" మాత్రం లఘువుగానే ఉంటుంది. నేను మొదట్లో ఒత్తు కనిపించిన అక్షరానికే U పెట్టేవాడిని, అలా పెడితే మొదటి గణంలోనే అంతా తారుమారవుతుంది.

వచ్చిన గణాలు భ, ర, న, భ, భ, ర, చివర లఘువు గురువు, అంటే వ. ఉత్పలమాలకి కావలసిన వరస సరిగ్గా ఇదే. మత్తేభమైతే స, భ, ర, న, మ, య, వ రావాలి, అది రెండు లఘువులతో మొదలవుతుంది, మన పాదం గురువుతో మొదలైంది. ఇంకో చిన్న పరీక్ష కూడా పెట్టుకున్నాను: ఉత్పలమాల పాదంలో గురువులు 8, మత్తేభంలో 10. ఇక్కడ లెక్కపెడితే 8 వచ్చాయి.

అసలు తిప్పలు రెండో పాదంలో. "యెవ్వనియందు డిందుఁ బరమేశ్వరుఁ డెవ్వఁడు మూలకారణం" అని ఉండాలి, కానీ నా ఫైల్లో అరసున్నలు మూడూ నిండు సున్నలుగా పడ్డాయి: "డిందుం", "శ్వరుం", "డెవ్వం". నిండు సున్న ఉన్న అక్షరం గురువు, అరసున్న ఉన్నది కాదు. దాంతో 8 రావాల్సిన గురువులు 11 అయ్యాయి, ఏ వృత్తానికీ సరిపోలేదు. మూడో గణం "దు బ ర" మూడు లఘువులతో న గణం కావాలి, నాకు మొదట గురువు పడి భ గణం వచ్చింది. తప్పు కవిది కాదని అక్కడే తెలిసింది, ఎందుకంటే మొదటి పాదం నిక్కచ్చిగా కుదిరింది, రెండోదాంట్లో తేడా వచ్చిన మూడు చోట్లా సున్నే ఉంది. సున్నలు సరిచేస్తే వరస కుదిరింది. ఇకమీదట ఏ పద్యం తేడా కొట్టినా ముందు సున్నల్నే చూస్తాను.

ఇక యతి. ఉత్పలమాలకి పదో అక్షరం, మత్తేభానికి పద్నాలుగో అక్షరం. మొదటి పాదంలో పదోది "మె", మొదటిది "ఎ". అక్షరాలు చూస్తే కలవవు, ఒక్క క్షణం మళ్లీ అనుమానం వచ్చింది. కానీ "జగము + ఎవ్వని" అని విడదీస్తే అక్కడ అసలు అచ్చు "ఎ"నే, యతి దానికి చెల్లుతుంది. అదే మత్తేభం అనుకుంటే పద్నాలుగోది "ప", దాన్ని ఏ సంధి విప్పినా "ఎ"తో కలపలేం. నాలుగో పాదంలో కూడా అంతే: మొదటిది "డె", పదోది "నీ", ఆ "డె" వచ్చింది "ఎవ్వఁడు" లోని "ఎ" నుంచి, "నీ" వచ్చింది "ఈశ్వరు" లోని "ఈ" నుంచి, ఎ, ఈ ఒకదానికొకటి యతిగా చెల్లుతాయి. కాబట్టి యతి చూసేటప్పుడు సంధి విప్పకుండా తీర్పు చెప్పకూడదు, గురులఘువులు గుర్తించేటప్పుడు మాత్రం సంధి విప్పకూడదు, పాదం పలికినట్టే తీసుకోవాలి. ఈ రెండూ కలిపేసుకుని చాలాసేపు తిరిగాను.

ప్రాస సులువుగానే తేలింది, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం "వ్వ". మూడో పాదం "బెవ్వ" అని మొదలైతే కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది, కానీ "మూలకారణంబు ఎవ్వడు" అన్నది రెండు పాదాల మధ్య విరిగి "ణం" ఒకవైపు, "బె" ఇంకోవైపు పడ్డాయి అంతే.

పేరు ఉత్పలమాలగా మార్చేశాను. ఫైల్లో మత్తేభం అని రాసినవి ఇంకో ఆరు ఉన్నాయి, వాటి మొదటి మూడు అక్షరాలకి ఈ రాత్రి గుర్తులు పెడతాను, రెండు లఘువులూ గురువూ లేనివి పక్కకు తీస్తాను.