5 శాతం వదులుకుని 3 శాతానికి ఒప్పుకున్నాను

ఎప్పుడూ సరుకు ఇచ్చే సప్లయర్ ఈసారి 90 పెట్టెలు ఒకేసారి తీసుకుంటే 5 శాతం తగ్గిస్తానన్నారు. ఆశ పుట్టింది. కానీ నా దగ్గర నెలకు అమ్ముడయ్యేది 30 పెట్టెలే, ఆయన ఇచ్చే గడువూ 30 రోజులే. అంటే బిల్లు కట్టే రోజుకి 60 పెట్టెలు ఇంకా షాపులోనే ఉంటాయి, వాటి డబ్బు నేను చేతి నుంచి పెట్టుకోవాలి. రాత్రంతా టెన్షన్.

పొద్దున్నే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "90కీ ఆర్డర్ ఇస్తానండీ, నెలకు 30 చొప్పున పంపండి. ఏ విడత బిల్లు ఆ విడత 30 రోజుల్లో కట్టేస్తాను."

కాసేపు లెక్క వేసుకుని 3 శాతానికి ఒప్పుకున్నారు. మిగతా విడతలు తీసుకోకపోతే అప్పటిదాకా ఇచ్చిన తగ్గింపు వెనక్కి కట్టాలన్నారు, అది న్యాయమే. తగ్గింపు మాత్రం ఏ బిల్లుకి ఆ బిల్లులోనే చూపించమని అడిగాను. నిన్న మొదటి 30 పెట్టెలు దిగాయి, బిల్లులో 3 శాతం తగ్గించే ఉంది.