నల్లుల మందు కొట్టించిన రోజు: ఇల్లు ఎందుకు ఖాళీ చేశాం, తిరిగి ఎలా వచ్చాం

మాది కూకట్‌పల్లిలో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్, నేను, మా ఆయన, ఆరేళ్ల బాబు, అత్తయ్య ఉంటాం. మొన్న వేసవిలో మంచాల్లో నల్లులు పడ్డాయి, పరుపులు ఎండేసినా, మంచాల సందుల్లో వేడినీళ్లు పోసినా పోలేదు. సరిగ్గా అప్పుడే అత్తయ్య వాళ్ల తమ్ముడు ఊరి నుంచి వస్తూ బియ్యం బస్తాల్లో పురుగు పట్టకుండా పెట్టే బిళ్లలు ఓ చిన్న డబ్బాలో తెచ్చారు, "గదిలో నాలుగు బిళ్లలు పెట్టి తలుపేసి పక్క గదిలో పడుకోండమ్మా, తెల్లారేసరికి ఒక్కటి మిగలదు" అన్నారు. ఆయన మా మంచి కోరే చెప్పారు, నాకూ ఆ రాత్రే పెట్టేద్దాం అనిపించింది. పెట్టకుండా ఆపింది మర్నాడు ఇల్లు చూడ్డానికి వచ్చిన పెస్ట్ కంట్రోల్ అబ్బాయి.

డబ్బా చూడగానే అతని మొహం మారిపోయింది. "మేడమ్, మూత తీశారా?" అని అడిగాడు, లేదన్నాక కూర్చుని చెప్పాడు. అవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు, గాలిలో తడి తగిలితే చాలు ఫాస్ఫీన్ అనే గ్యాస్ వదుల్తాయి, మూడు గ్రాముల బిళ్ల ఒక గ్రాము గ్యాస్ ఇస్తుంది. ఒక గ్రాము అంటే ఎంత అని నేను రాత్రి లెక్కేసుకున్నాను: మా బెడ్రూమ్ 10 బై 12, ఎత్తు 10 అడుగులు, అంటే సుమారు 34 వేల లీటర్ల గాలి. ఒక గ్రాము ఫాస్ఫీన్ ముప్పావు లీటరు దాకా వస్తుంది, గ్యాస్ బయటికి పోకపోతే ఆ గదిలో పది లక్షల పాళ్లకి 20 పాళ్లు. పనివాళ్లు రోజూ పీల్చినా ఫర్వాలేదనుకునే హద్దు 0.3 పాళ్లు మాత్రమే, అంటే ఒక్క బిళ్లే దానికి అరవై డెబ్బై రెట్లు, మేం పెట్టబోయింది నాలుగు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

తలుపేసుకుని పక్క గదిలో పడుకుంటే సరిపోదా అంటే, సరిపోదు. పొగ అయితే కంటికి కనిపిస్తుంది, కాసేపటికి కిందికి దిగుతుంది, గ్యాస్ అలా కాదు, తలుపు కింద సందు, గోడలో కరెంటు పైపులు, బాత్రూమ్ పైపులు పోయే కన్నాలు, గోడ పగుళ్లు దేంట్లోంచైనా దూరిపోతుంది, పక్క ఫ్లాట్ వాళ్లకీ చేరుతుంది. వెల్లుల్లి వాసన, కుళ్లిన చేప వాసన వస్తుందంటారు కానీ ఆ వాసన ఎక్కువగా గ్యాస్‌లో కలిసిన మలినాల వల్ల, అవి లేకపోతే ప్రమాదమైనంత ఉన్నా వాసన తెలియకపోవచ్చు. తలనొప్పి, వాంతులు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం మొదలైతే తిన్నది పడలేదేమో అనుకుంటాం, విరుగుడు మందు కూడా లేదు. నీళ్లు చల్లి కడిగేద్దాం అనుకోకూడదు, నీళ్లు తగిలితే గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువగా వస్తుంది. 2017లో అమెరికాలో అమరిల్లో అనే ఊళ్లో ఇంటి కింద వేసిన ఇలాంటి మందు మీద నీళ్లు కొడితే నలుగురు పిల్లలు చనిపోయారు. ఈ బిళ్లలు మామూలు ఇంట్లో వాడేవే కావు, లైసెన్స్ ఉన్నవాళ్లు గ్యాస్ మీటర్ పెట్టి చూసుకుంటూ వాడాలి. డబ్బా ఇంట్లో ఉంచుకోలేదు, మూత తీయకుండానే ఆ అబ్బాయి తీసుకెళ్లి వాళ్ల సూపర్‌వైజర్‌కి అప్పజెప్పాడు.

మాకు చేసింది వేరే పద్ధతి, మంచాల సందుల్లో స్ప్రే, ఆపైన గదుల్లో ఫాగింగ్. ఇది బిళ్లలంత భయంకరం కాదు కానీ తేలిగ్గా తీసుకోకూడదని నాకు ముందే తెలుసు, ఎందుకంటే రెండేళ్ల క్రితం దోమల కోసం ఫాగింగ్ చేయించి గంటకే ఇంట్లోకి వచ్చాం, పొగ పోయింది కదా అనుకున్నాం, బాబు నేల మీద బొమ్మలతో ఆడుకుని రాత్రంతా దగ్గాడు, వాడి చేతులు చిమచిమలాడాయి. అదెందుకో ఈసారి అడిగి తెలుసుకున్నా. ఫాగ్‌లో మందు చిన్న చిన్న చుక్కలుగా ఉంటుంది, పది మైక్రాన్ల చుక్క, అంటే మిల్లీమీటరులో వందో వంతు ఉండేది, సీలింగ్ నుంచి నేలకి దిగడానికే పావుగంట పైన పడుతుంది, ఐదు మైక్రాన్లది గంట పైన, అంతకన్నా చిన్నవి ఇంకా ఎక్కువసేపు తేలుతూనే ఉంటాయి. అంటే కంటికి గాలి తేటగా కనిపించినా ఊపిరిలోకి పోయేంత సన్నటివి ఇంకా తిరుగుతుంటాయి, దిగినవేమో నేల మీదా, పరుపుల మీదా, బొమ్మల మీదా ఉంటాయి.

ఈసారి పొద్దున పదింటికి మొదలుపెట్టాం. పూజగదిలో దీపం కొండెక్కించి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ ఆపి, మెయిన్‌తో పాటు ఇన్వర్టర్ కూడా ఆఫ్ చేశాం, ఎందుకంటే ఆ ఫాగ్‌లో చాలాసార్లు మండే నూనె ఉంటుంది, మూసిన గదిలో నిప్పురవ్వ పడకూడదు. పాలూ పెరుగూ కూరలూ, గిన్నెలూ కవర్లలో మూటకట్టాం. చేపల తొట్టి పక్క ఫ్లాట్‌లో పెట్టాం, ఈ మందులు చేపలకి మరీ ప్రమాదం. తలుపులన్నీ వేసి నాలుగు గంటలు మూసి ఉంచాలి, తర్వాత రెండు గంటలు తెరిచి ఉంచాలి అన్నాడు, మందు డబ్బా మీద రాసిన టైమ్ అంతకన్నా ఎక్కువుంటే అదే పాటించాలని కూడా అన్నాడు. మేం అత్తయ్యనీ బాబునీ తీసుకుని ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయాం.

రెండున్నరకి మా ఆయన ఒక్కరే వచ్చారు. ముక్కుకి తడి కర్చీఫ్ కట్టుకుంటే చాలేమో అని నేనన్నా, ఆ అబ్బాయి అప్పుడే చెప్పాడు, అది ఈ మందు ఆవిరిని ఆపదని. అందుకే ఊపిరి బిగబట్టి మెయిన్ డోర్ తీసి పెట్టి, గబగబా వెళ్లి బాల్కనీ తలుపు తీసి వెంటనే బయట కారిడార్‌లోకి వచ్చేశారు. రెండు వైపులా తెరిస్తే గాలి ఈ చివర నుంచి ఆ చివరకి కదులుతుంది. ఓ పావుగంట కింద నిలబడి మళ్లీ వెళ్లి బెడ్రూమ్ కిటికీలు, వంటింటి కిటికీ తీశారు. పొగ పూర్తిగా పోయాకే మెయిన్ వేసి ఫ్యాన్లూ ఎగ్జాస్ట్ పెట్టారు. ఏసీ మాత్రం వేయొద్దన్నారు, మా స్ప్లిట్ ఏసీ బయట గాలి తీసుకోదు, లోపలి గాలినే తిప్పుతుంది.

ఐదింటికి నేను వెళ్లి గ్లౌజులు వేసుకుని వంటింటి గట్టు, డైనింగ్ టేబుల్, తలుపు పిడులు సబ్బు నీళ్లతో తుడిచా. బాబు ఆడే నేల మధ్యలో తుడిచా కానీ గోడల అంచులు, మంచాల సందులు మాత్రం వదిలేశా, అక్కడ స్ప్రే ఉండాల్సిందే, కడిగేస్తే డబ్బులు పోయినట్టే. దిండు కవర్లు, దుప్పట్లు ఉతికా, పరుపులు రెండు రోజులు ఎండలో పెట్టాం. ప్లాస్టిక్ బొమ్మలు కడిగా. కాస్త నూనె వాసన మూడు రోజులు ఉంది, కళ్లు మండకపోయినా బాబుని ఆ రాత్రి ఆడపడుచు ఇంట్లోనే ఉంచేశాం.

ఫాగ్‌తో గుడ్లు చావవు, సందుల లోతుకి కూడా పోదు, అందుకే పదిహేను రోజులకి మళ్లీ వచ్చి స్ప్రే చేశాడు. ఆ రోజు ఫాగింగ్ వద్దన్నాడు, అయినా ఇల్లు మళ్లీ నాలుగు గంటలు ఖాళీ చేసే ఉంచాం, అత్తయ్య తనే ముందుగా దీపం కొండెక్కించి సంచి సర్దుకుని కూర్చున్నారు.