11 అని చెప్పింది, లోపలేముందో చెప్పలేదు

ఒక క్యూబిట్ సమాచారాన్ని మూడింట్లో దాచి, ఒకటి తిరగబడితే సరిదిద్దే క్వాంటమ్ కోడ్‌ని సిమ్యులేటర్‌లో పరీక్షించాను. మధ్య క్యూబిట్ మీద కావాలనే 0ని 1గా, 1ని 0గా తిప్పే X గేటు పెట్టి రన్ కొట్టాను. తప్పు పట్టడానికి పెట్టిన రెండు అదనపు క్యూబిట్లు, అంటే యాన్సిల్లాలు, 11 చూపించాయి. ప్రతి షాట్‌లోనూ అదే.

దాచింది a|000⟩ + b|111⟩. మధ్యది తిరగబడితే a|010⟩ + b|101⟩. మనం అడిగేవి రెండే ప్రశ్నలు: మొదటిదీ రెండోదీ ఒకటేనా? రెండోదీ మూడోదీ ఒకటేనా? అవునంటే 0, కాదంటే 1. 010 అయితే రెండింటికీ కాదు. 101 అయినా అంతే. రెండు భాగాలూ ఒకే జవాబిస్తున్నప్పుడు కొలత a, b ల జోలికే పోదు. రెండు జతల్లోనూ ఉన్నది మధ్యదే కాబట్టి దొంగ దొరికిపోయాడు. 10 వస్తే మొదటిది, 01 వస్తే మూడోది.

దాని మీద మళ్లీ X పెట్టి, ఎన్‌కోడింగ్ విప్పి కొలిస్తే నేను పెట్టిన 80:20 పాళ్లు అలాగే ఉన్నాయి. అదేం గొప్ప సాక్ష్యం కాదులెండి, సూపర్‌పొజిషన్ చెడిపోయినా పాళ్లు మారవు. అందుకే ఆ పాళ్ల కోసం మొదట పెట్టిన Ry గేటుని వెనక్కి తిప్పి, అప్పుడు కొలిచాను. అన్నీ 0లే. హమ్మయ్య!

తర్వాత మధ్యది వదిలేసి అటూ ఇటూ రెండింటినీ తిప్పాను. మళ్లీ అదే 11! పాపం డీకోడర్ మధ్యదాన్ని తిప్పేసింది, a, b లు తారుమారయ్యాయి. ఒక్కో క్యూబిట్ తిరగబడే అవకాశం విడివిడిగా 1% అనుకుంటే, ఏ రెండైనా లేదా మూడూ తిరగబడి ఇలా మోసపోయేది సుమారు 0.03%.

b ముందున్న గుర్తుని మార్చే Z తప్పు పెడితే మాత్రం 00. అసలేమీ జరగనట్టే.