బూరి

ఆదివారం, రాత్రి పదిన్నర. పర్లాకిమిడి.

ఈరోజు అమ్మ బూరెలు వేసింది. అందరం అరుగు మీద కూర్చున్నాం. పళ్ళెం పాప దగ్గరికి వచ్చేసరికి అన్నయ్య, "ఏమే బూరీ, ఇంకో బూరెని తింటావా?" అన్నాడు. అందరూ నవ్వారు. పాప కూడా నవ్వింది. నవ్వుతూనే, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని చున్నీని పొట్ట మీదికి లాక్కుంది.

ఆ పేరు పెట్టింది అమ్మే. అన్నప్రాశన నాడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుగ్గలు నూనెలో పొంగిన బూరెల్లా ఉన్నాయంది. ఇక్కడ ఒడియా వాళ్ళిళ్ళలో కూడా పిల్లలకి ఇంట్లో ముద్దుగా పిలిచే డాక నాఁ ఒకటి, బడి పేరు ఒకటి. మాకూ అదే అలవాటు.

అప్పుడది ఆరు నెలల పిల్ల బుగ్గలకి పెట్టిన పేరు. ఇప్పుడు పాపకి 11 ఏళ్ళు. పెద్దమనిషి అయ్యే ముందు ఆడపిల్లకి నడుము దగ్గర, తొడల దగ్గర ఒళ్ళు రావడం మామూలే, ఎదుగుదలలో భాగమే. కానీ సరిగ్గా ఇప్పుడే ఆ పిలుపు తన ఒంటిని వేలెత్తి చూపిస్తున్నట్టు వినిపిస్తోంది తనకి. రెండు నెలలుగా ఫోటోల్లో అందరి వెనకా నిలబడుతోంది. నలుగురిలో సరిగ్గా తినదు, తర్వాత వంటింట్లో నిలబడి గబగబా తింటుంది. వయసు కదా, సిగ్గేమో అనుకున్నాను. నాకు ముందే తెలియాల్సింది.

ఎందుకంటే నల్లగా ఉంటానని నన్ను 'కర్రి' అనేవారు. మేనత్త ముద్దు చేస్తూనే పిలిచేది. పెళ్ళిచూపుల రోజు అదే నోటితో, "కర్రిదానికి పసుపు చీరేంటి, తీసేయండి" అంది. నాకిప్పుడు 43. బట్టల షాపులో పసుపు చీర నచ్చి చేతిలోకి తీసుకుంటాను, మళ్ళీ అక్కడే పెట్టేస్తాను.

సాయంత్రం అన్నయ్యని పక్కకి పిలిచి చెప్పాను. "సరదాకి అన్నానే, అదీ నవ్విందిగా" అన్నాడు. నవ్వకపోతే అలిగిందంటారని నవ్వుతుంది అన్నయ్యా, నేనూ అలాగే నవ్వేదాన్ని అన్నాను. ఏమీ మాట్లాడలేదు.

పాపని అడిగాను, ఆ పేరు మానేయమని అందరికీ చెప్పనా అని. చాలాసేపు జడ కొస తిప్పుకుంటూ కూర్చుంది.

"అమ్మమ్మ పిలవొచ్చు. ఎవరూ లేనప్పుడు." కాసేపాగి, "మావయ్య వద్దు."

అమ్మకి చెబితే చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత మిగిలిన బూరెలు డబ్బాలో సర్ది, వంటింట్లోంచి పాపని బడి పేరుతో పిలిచింది. ఎవరిని పిలుస్తోందో పాపకి వెంటనే అర్థం కాలేదు. రెండోసారి పిలిచాక లేచి వెళ్ళింది. పీట మీద కూర్చుని రెండు తింది, నెమ్మదిగా.